729ని దాటిన జవాబు

ఆరు వేర్వేరు బొమ్మలను ముగ్గురు పిల్లలకు పంచాలి. ప్రతి ఒక్కరికీ కనీసం ఒక బొమ్మయినా అందాలి. ఎన్ని విధాలుగా పంచవచ్చు? ఇంటర్ గణితంలో ప్రస్తారాలు, సంయోగాలు చదివినవాళ్లకు ఈ లెక్క ఏదో ఒక వేషంలో ఎదురయ్యే ఉంటుంది. ఒకచోట బొమ్మలూ పిల్లలూ ఉంటారు, ఇంకోచోట ఉత్తరాలూ పోస్టుడబ్బాలూ ఉంటాయి. ప్రమేయాల పాఠంలోనైతే ఆరు మూలకాలున్న సమితి నుంచి మూడు మూలకాలున్న సమితికి ఎన్ని సంగ్రస్త ప్రమేయాలు ఉంటాయని అడుగుతారు. వేషాలు వేరైనా లెక్క ఒకటే. సరైన జవాబు 540.

చిన్న లెక్కే గానీ, ఇందులో ఒక తప్పుదారి ఉంది. సరైన దారికన్నా అదే ముందు కనిపిస్తుంది, అదే సులువుగా అనిపిస్తుంది. విద్యార్థులు ఏళ్ల తరబడి ఆ దారిలోనే పడుతున్నారు. చాట్‌బాట్లు కూడా ఇలాంటి దారుల్లోనే జారిపడతాయి. విద్యార్థి పడినప్పుడు చేతిరాతలో కొట్టివేతలు ఉంటాయి, గొంతులో తడబాటు ఉంటుంది. చాట్‌బాట్ పడినప్పుడు అలాంటి గుర్తు ఒక్కటీ ఉండదు. దాని తప్పు జవాబును లెక్క లోపలి నుంచే ఎలా పట్టుకోవచ్చో ఈ లెక్క చుట్టూ అల్లిన ఒక చిన్న కథలో చూడవచ్చు. కథలోని విద్యార్థిని కల్పితం. అంకెలు, తప్పు జరిగే తీరు, దాన్ని పట్టుకునే పద్ధతి మాత్రం కల్పితం కావు.

ఆ అమ్మాయి ఈఏపీసెట్‌కు చదువుతోంది. ఆ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, వాటిలో సగం, అంటే 80, గణితంవే. ఒక్కో ప్రశ్నకు సగటున నిమిషం పైన కొద్ది సెకన్లు మాత్రమే దొరుకుతాయి. నమూనా ప్రశ్నపత్రంలో బొమ్మల లెక్క దగ్గర ఆగిపోయి, పుస్తకం చివర ఉన్న 'కీ' చూడకుండా, ఫోన్‌లోని చాట్‌బాట్‌కు ప్రశ్నను టైపు చేసింది. కొన్ని సెకన్లలో పరిష్కారం వచ్చింది.

ఆ పరిష్కారం మూడు మెట్లలో ఉంది. మొదటి మెట్టులో షరతు తీర్చారు: ప్రతి పిల్లకూ ఒక బొమ్మ ముందుగా ఇచ్చేయాలి, మొదటి పిల్లకు 6 రకాలుగా, రెండో పిల్లకు మిగిలిన వాటిలోంచి 5 రకాలుగా, మూడో పిల్లకు 4 రకాలుగా ఇవ్వవచ్చు, కాబట్టి 6 × 5 × 4 = 120. రెండో మెట్టులో మిగిలిన మూడు బొమ్మల సంగతి: షరతు తీరిపోయింది కనుక ఒక్కో బొమ్మను ముగ్గురిలో ఎవరికైనా ఇవ్వవచ్చు, కాబట్టి 3 × 3 × 3 = 27. మూడో మెట్టులో రెంటినీ గుణించారు: 120 × 27 = 3240. చివరన జవాబు ముదురు అక్షరాల్లో ఉంది. గుణకారం ఎక్కడా తప్పలేదు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు వెళ్లిన తీరు క్లాసులో బోర్డు మీద చేసినంత పద్ధతిగా ఉంది.

ఆ అమ్మాయి దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించబోతూ ఆగింది. కాలేజీలో లెక్కల సారు ఒక అలవాటు నేర్పారు. లెక్కింపు ప్రశ్న ఏదైనా సరే, జవాబు రాగానే షరతును పక్కనపెట్టి ఇంకోసారి లెక్కించమనేవారు. "షరతు లేకుండా ఎన్ని వస్తాయో ముందు చూడమ్మా. షరతు పెట్టాక అంతకన్నా పెరగకూడదు కదా" అని ఆయన క్లాసులో తరచూ అనేవారు. ఆ లెక్కకు ఎక్కువసేపు పట్టదు. ప్రతి బొమ్మకూ ముగ్గురిలో ఒకరు దక్కుతారు. బొమ్మలు ఆరు. కాబట్టి 3ని ఆరుసార్లు గుణిస్తే 729. అన్నీ ఒకరికే వెళ్లినా, ఒకరికి ఏమీ రాకపోయినా, ఏ రకం పంపకమైనా ఈ 729లో ఒకటిగా ఉండాల్సిందే. ప్రతి ఒక్కరికీ కనీసం ఒకటి రావాలనే షరతు వీటిలో కొన్నింటిని తీసేస్తుందే తప్ప కొత్తవి తెచ్చి కలపదు. అలాంటప్పుడు 3240 ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడ ఒక విషయం గమనించాలి. జవాబు తప్పని తేల్చడానికి ఆ అమ్మాయికి సరైన పద్ధతి తెలియాల్సిన అవసరం రాలేదు. చాట్‌బాట్ రాసిన మెట్లలో ఏది తప్పో కూడా అప్పటికి ఆమెకు తెలియదు. మెట్లన్నీ చదివితే సరిగానే అనిపిస్తున్నాయి. వాటినే మళ్లీ మళ్లీ చదివి ఉంటే వాటి వాలులోనే తానూ జారిపోయేది. ఆ పరిష్కారంతో సంబంధం లేని ఇంకో వైపు నుంచి వచ్చి చూడటం వల్లే తప్పు బయటపడింది.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి లెక్కను బాగా చిన్నది చేసుకోవాలి. మూడు బొమ్మలు: కారు, బంతి, బొంగరం. ఇద్దరు పిల్లలు: అక్క, తమ్ముడు. షరతు లేకపోతే 2 × 2 × 2 = 8 పంపకాలు. మూడూ అక్కకే వెళ్లడం ఒకటి, మూడూ తమ్ముడికే వెళ్లడం ఒకటి, ఈ రెండింటినీ తీసేస్తే మిగిలేవి 6. వేళ్ల మీద లెక్కపెట్టినా ఆరే. చాట్‌బాట్ పద్ధతిలో చేస్తే అక్కకు ముందుగా 3 రకాలు, తమ్ముడికి 2 రకాలు, మిగిలిన ఒక్క బొమ్మ ఇద్దరిలో ఎవరికైనా 2 రకాలు, మొత్తం 12. సరిగ్గా రెట్టింపు.

రెట్టింపు ఎందుకైందో ఒక పంపకాన్ని పట్టుకుని చూస్తే తెలుస్తుంది. అక్కకు కారు, బంతి; తమ్ముడికి బొంగరం. ఈ పంపకానికి చాట్‌బాట్ పద్ధతిలో రెండు దారులున్నాయి. అక్కకు 'ముందుగా ఇచ్చిన' బొమ్మ కారు, తర్వాత అదనంగా వచ్చింది బంతి అనుకోవచ్చు. ముందుగా ఇచ్చింది బంతి, తర్వాత వచ్చింది కారు అని కూడా అనుకోవచ్చు. చివరికి అక్క చేతిలో ఉన్నవి అవే రెండు బొమ్మలు. ప్రశ్న అడిగింది ఎవరికి ఏవి దక్కాయని, ఏది ముందు దక్కిందని కాదు. ముందు, తర్వాత అనే తేడా ప్రశ్నలో లేదు, పద్ధతే దాన్ని తెచ్చిపెట్టింది. ఆ తేడా వల్ల ఒకే పంపకం రెండుసార్లు లెక్కలోకి వచ్చింది.

ఆరు బొమ్మల లెక్కలో ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది. ఒక పిల్లకు నాలుగు, మిగతా ఇద్దరికీ ఒక్కొక్కటి వచ్చే పంపకాలు 90 ఉన్నాయి. వాటిలో ప్రతిదాన్నీ ఈ పద్ధతి 4 సార్లు లెక్కపెడుతుంది, ఎందుకంటే నాలుగింటిలో ఏదైనా 'ముందుగా ఇచ్చింది' కావచ్చు. మూడు, రెండు, ఒకటి చొప్పున వచ్చే పంపకాలు 360. వాటిని 3 × 2, అంటే 6 సార్లు చొప్పున లెక్కపెడుతుంది. ముగ్గురికీ రెండేసి వచ్చేవి మళ్లీ 90. వాటిని 2 × 2 × 2, అంటే 8 సార్లు చొప్పున. అన్నీ కలిపితే 360 + 2160 + 720 = 3240. చాట్‌బాట్ చెప్పిన అంకె అచ్చంగా ఇదే. పంపకాలు నిజంగా ఉన్నవి 90 + 360 + 90 = 540 మాత్రమే.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే మామూలు కథ అయ్యేది. ఆ అమ్మాయి చాట్‌బాట్‌కు తన అభ్యంతరం రాసింది: షరతు లేకుండానే 729 వస్తుంటే షరతుతో 3240 ఎలా వస్తుందని. వెంటనే క్షమాపణ వచ్చింది, ఆమె చెప్పింది పూర్తిగా సరైనదేనన్న ఒప్పుకోలు వచ్చింది, దాని వెనకే సవరించిన పరిష్కారం వచ్చింది. ముందుగా ఇచ్చే మూడు బొమ్మలను ఎంచుకునేటప్పుడు వరసను లెక్కలోకి తీసుకోవడమే పొరపాటని, అక్కడ ప్రస్తారం కాకుండా సంయోగం వాడాలని, ఆరింటిలోంచి మూడింటిని 20 రకాలుగా ఎంచుకోవచ్చని, మిగిలిన మూడింటికి అదే 27 అని, కాబట్టి 20 × 27 = 540 అని. ఆమె పుస్తకం చివరకు తిప్పి కీ చూసింది. అక్కడా 540.

పరీక్ష దగ్గరపడుతున్నప్పుడు చాలామంది ఇక్కడ టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతారు. ఆ అమ్మాయికి మాత్రం ఒక చిన్న అనుమానం మిగిలింది. మూడు బొమ్మలను ఎంచుకున్నాక వాటిలో ఏది ఎవరికో చెప్పనే లేదు కదా? సారు నేర్పిన రెండో అలవాటును బయటికి తీసింది: పద్ధతిని కళ్లకు కనబడేంత చిన్న అంకెల మీద పెట్టి చూడటం. మూడు బొమ్మలు, ముగ్గురు పిల్లలు. తలా ఒకటి. ఎన్ని రకాలు? 3 × 2 × 1 = 6. కొత్త పద్ధతి ప్రకారం మూడింటిలోంచి మూడింటిని ఎంచుకోవడం 1 రకం, మిగిలిన బొమ్మలు ఏమీ లేవు, కాబట్టి జవాబు 1. ఆరు రావాల్సిన చోట ఒకటి వచ్చింది. అయిదు బొమ్మలతో చూసినా పొసగలేదు. ఆ పద్ధతిలో 10 × 9 = 90 వస్తుంది, రావాల్సింది 150.

అంటే చాట్‌బాట్ తప్పు పద్ధతిలోనే సరైన జవాబుకు చేరింది. ఇది ఎలా కుదిరిందో పైన చెప్పిన మూడు గుంపులే చూపిస్తాయి. 360 పంపకాలు ఆరేసి సార్లు లెక్కలోకి వచ్చాయి. తక్కువగా, అంటే నాలుగేసి సార్లు వచ్చినవి 90. ఎక్కువగా, అంటే ఎనిమిదేసి సార్లు వచ్చినవీ 90. ఆ తక్కువా ఈ ఎక్కువా ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సగటు సరిగ్గా 6 అయింది. ప్రస్తారాన్ని సంయోగంగా మార్చడమంటే 3240ని 6తో భాగించడమే కాబట్టి 540 వచ్చేసింది. ఇది ముగ్గురు పిల్లలు, ఆరు బొమ్మలు ఉన్నప్పుడు జరిగిన కాకతాళీయం. బొమ్మలు ఏడైతే అదే పద్ధతి 35 × 81 = 2835 ఇస్తుంది, షరతు లేకుండా ఉండే మొత్తమే 2187. కీతో సరిపోయిందని ఆ పద్ధతిని గుర్తుపెట్టుకున్న విద్యార్థి, పరీక్షలో ఏడు బొమ్మలు కనిపించిన రోజు నిబ్బరంగా తప్పు రాసి వస్తాడు. మొదటి తప్పుకన్నా ఈ రెండోదే ఎక్కువ హాని చేసేది.

సరైన పద్ధతి మొత్తం నుంచి తీసుకుంటూ వెళ్తుంది. అన్ని పంపకాలూ 729. వాటిలో ఫలానా పిల్లకు ఏమీ రాని పంపకాలంటే ఆరు బొమ్మలూ మిగతా ఇద్దరికే వెళ్లినవి, 2ని ఆరుసార్లు గుణిస్తే 64. ఆ ఫలానా పిల్ల ముగ్గురిలో ఎవరైనా కావచ్చు, కాబట్టి 3 × 64 = 192 తీసేయాలి. అయితే ఆరూ ఒకరికే వెళ్లిన పంపకంలో ఇద్దరికి ఏమీ రాలేదు. దాన్ని ఒక్కొక్కరి తరఫున ఒకసారి చొప్పున రెండుసార్లు తీసేశాం. అలాంటివి మూడున్నాయి కనుక 3 తిరిగి కలపాలి. 729 − 192 + 3 = 540. మూడు బొమ్మలతో చూస్తే 27 − 24 + 3 = 6. అయిదుతో చూస్తే 243 − 96 + 3 = 150. ఎక్కడ పరీక్షించినా నిలబడుతుంది.

మనుషులకు పెద్ద పెద్ద లెక్కలు చేసిపెట్టే కంప్యూటరు బొమ్మల పంపకం దగ్గర ఎందుకు తడబడుతుందన్న ప్రశ్న సహజం. కాలిక్యులేటర్ 120ని 27తో గుణించేటప్పుడు గుణకారపు నియమాన్నే నడుపుతుంది. చాట్‌బాట్ వెనక ఉండే భాషా నమూనా చేసే పని వేరు. అప్పటివరకు ఉన్న మాటల తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎంత అని అంచనా కట్టి, ఒక్కో ముక్కా పేర్చుకుంటూ పోతుంది. ఆ ముక్కలను టోకెన్లు అంటారు. అంచనా కట్టడం దానికి వచ్చింది కోట్ల కొద్దీ పేజీల రాతల నుంచి. ఆ రాతల్లో లెక్కల పుస్తకాలున్నాయి, సరైన పరిష్కారాలున్నాయి, విద్యార్థులు చేసిన తప్పు పరిష్కారాలూ ఉన్నాయి. 'ముందు తలా ఒకటి ఇచ్చేద్దాం' అన్న వాక్యం అలాంటి రాతల్లో చాలాచోట్ల వస్తుంది. ఒకేలాంటి లడ్డూలను పంచే లెక్కలో అది సరైన ఎత్తుగడే, ఎందుకంటే అక్కడ ఏ లడ్డూ ముందు వచ్చిందన్న తేడాయే లేదు. వేర్వేరు బొమ్మల దగ్గరికి వచ్చేసరికి అదే వాక్యం తప్పుదారి పట్టిస్తుంది. రెండు ప్రశ్నలకూ మాటల్లో తేడా చాలా తక్కువ, లెక్కలో తేడా చాలా ఎక్కువ. మాటల పోలికను పట్టుకుని నడిచే యంత్రం ఇలాంటి చోటే జారుతుంది.

ఈ బలహీనతను ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ఒక చక్కని ప్రయోగంతో చూపించారు. ఒక సంఖ్యను 9/5తో గుణించి 32 కలపమని అడిగితే నమూనా బాగా చేసింది. అది సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లోకి మార్చే సూత్రం, రాతల్లో అడుగడుగునా కనిపించేది. అదే 7/5తో గుణించి 31 కలపమంటే తప్పులు బాగా పెరిగాయి. రెండింటిలో చేయాల్సిన పని కష్టంలో ఏ తేడా లేదు. ఒకటి చాలాసార్లు చూసిన దారి, ఇంకోటి అరుదైన దారి. తెలిసిన ప్రశ్నలో ఒక్క షరతు మార్చి అడగడమే మన ప్రవేశపరీక్షల ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లకు ఇష్టమైన పద్ధతి. అందుకే ఈ ఫలితం విద్యార్థులకు నేరుగా పనికొస్తుంది.

మెట్లు మెట్లుగా రాయించడం వల్ల మేలు జరగదా అంటే జరుగుతుంది. జవాబు ఒక్కటే అడిగే బదులు మధ్య మెట్లు కూడా రాయిస్తే పెద్ద నమూనాలు లెక్కలు మెరుగ్గా చేస్తాయని గూగుల్ పరిశోధకులు 2022 జనవరిలో చూపించారు. మధ్యలో రాసుకున్నది ఆ తర్వాతి అంచనాకు ఆధారమవుతుంది. కానీ రాసిన మెట్లు లోపల జరిగిన పనికి అద్దం కానక్కర్లేదు. ఆంత్రోపిక్ సంస్థ పరిశోధకులు 2025 మార్చిలో తమ నమూనా ఒకటి 36కు 59 ఎలా కలుపుతోందో లోపలికి వెళ్లి పరిశీలించారు. లోపల రెండు పనులు పక్కపక్కనే జరుగుతున్నాయి. ఒకటి మొత్తం సుమారుగా తొంభై ప్రాంతంలో ఉంటుందని అంచనా కడుతోంది, రెండోది 6, 9 కలిస్తే చివరి అంకె 5 అని తేలుస్తోంది. రెండూ కలిసి 95 అవుతోంది. ఎలా చేశావని అడిగితే మాత్రం ఆ నమూనా బడిలో నేర్పే పద్ధతినే చెప్పింది: 6, 9 కలిపితే 15, అయిదు వేసి ఒకటి చేతిలో ఉంచుకున్నానని. జవాబు సరైనదే, వివరణ కూడా పాఠ్యపుస్తకం ప్రకారం సరైనదే, కానీ ఆ వివరణ జరిగిన పని గురించినది కాదు. కాబట్టి చాట్‌బాట్ మెట్లను సొంతంగా సరిచూడాల్సిన ఒక పరిష్కారంగానే చదవాలి. అవి ఉన్నాయన్నది జవాబుకు సాక్ష్యం కాదు.

నిబ్బరమైన గొంతుకు మూలం ఇంకోచోట ఉంది. ఓపెన్ఏఐ, జార్జియా టెక్ పరిశోధకులు 2025 సెప్టెంబరులో రాసిన ఒక పత్రం దీన్ని పరీక్షల భాషలోనే వివరించింది. నమూనాల సామర్థ్యాన్ని కొలిచే పరీక్షల్లో ఎక్కువ భాగం సరైన జవాబుకు మార్కు ఇస్తాయి. తప్పుకూ సున్నా, తెలియదన్నా సున్నా. అలాంటి పరీక్షలో తెలియదని ఒప్పుకునేవాడు ఎప్పుడూ నష్టపోతాడు, ఊహించి రాసేవాడికి అప్పుడప్పుడు మార్కు పడుతుంది. ఈఏపీసెట్‌కు రాసిన ప్రతి విద్యార్థికీ ఇది అనుభవమే. అందులో నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఆఖరి నిమిషంలో మిగిలిన ప్రశ్నలన్నింటికీ ఏదో ఒక ఆప్షన్ నొక్కి వస్తారు. జేఈఈ మెయిన్‌లో సరైన జవాబుకు నాలుగు మార్కులు వస్తే తప్పుకు ఒకటి పోతుంది, అక్కడ అదే విద్యార్థి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. నమూనాలు ఎక్కువగా మొదటి రకం పరీక్షల కోసమే తీర్చిదిద్దబడుతున్నాయని, తప్పుకు మార్కు తీసేసి, తెలియదన్న మాటకు విలువ ఇచ్చేలా ఆ పరీక్షలు మారాలని ఆ పత్రం వాదించింది.

క్షమాపణ సంగతి కూడా తెలుసుకోదగ్గదే. కథలో ఆ అమ్మాయి అభ్యంతరం న్యాయమైనది, చాట్‌బాట్ ఒప్పుకుంది. అభ్యంతరం న్యాయమైనది కాకపోయినా అది ఒప్పుకునే అవకాశం ఉంది. తొలుత సరైన జవాబే ఇచ్చిన నమూనాలు, కచ్చితంగా అంతేనా అని ఎదురడగగానే లేని తప్పును ఒప్పుకుని జవాబు మార్చుకుంటున్నాయని 2023లో వచ్చిన ఒక పరిశోధన నమోదు చేసింది. మనుషులు తమతో ఏకీభవించే జవాబులకు ఎక్కువ మార్కులు వేయడం, ఆ మార్కులతోనే నమూనాలకు శిక్షణ ఇవ్వడం దీనికి ఒక కారణమని ఆ పరిశోధకులు తేల్చారు. కాబట్టి 'సరిగ్గా చూడు' అని రెండోసారి అడగడం సరిచూడటం కిందికి రాదు. మారిన జవాబు మొదటి జవాబుకన్నా నమ్మదగినదని చెప్పడానికి ఆధారం ఏదీ లేదు. అభ్యంతరంలో లెక్క ఉండాలి, వచ్చిన సవరణను కూడా మళ్లీ లెక్కతోనే పరీక్షించాలి. ఆ అమ్మాయి చేసింది అదే.

కంప్యూటర్ దగ్గరుంటే ఇలాంటి లెక్కను నేరుగా లెక్కపెట్టించవచ్చు. ఈ రెండు వరసల పైథాన్ కోడ్ 729 పంపకాలనూ ఒక్కొక్కటిగా తయారుచేసి, ముగ్గురూ కనిపించిన వాటిని లెక్కిస్తుంది:

```python
from itertools import product
print(sum(len(set(d)) == 3 for d in product(range(3), repeat=6)))
```

జవాబు 540 అని వస్తుంది. 6 స్థానంలో 5 పెడితే 150, 7 పెడితే 1806. ఇక్కడ అంచనా ఏమీ లేదు, యంత్రం నిజంగా లెక్కపెడుతుంది. ఇప్పటి చాట్‌బాట్లలో కొన్ని అవసరమనుకున్నప్పుడు ఇలా కోడ్ రాసి నడిపి జవాబు చెబుతాయి, అప్పుడు కూడికలు గుణకారాల తప్పులు చాలావరకు పోతాయి. నమూనాలు కూడా వేగంగా మెరుగవుతున్నాయి. 2025 జులైలో గూగుల్ డీప్‌మైండ్, ఓపెన్ఏఐల నమూనాలు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ ప్రశ్నల్లో ఆరింటికి అయిదు సాధించి, 42కు 35 మార్కులతో బంగారు పతకం స్థాయికి చేరాయి. బొమ్మల పంపకాన్ని నేటి నమూనాలు ఎక్కువసార్లు సరిగ్గానే చేస్తాయి. పది ప్రశ్నలకు వరసగా సరైన జవాబులు చూసిన విద్యార్థి పదకొండోదాన్ని సరిచూడడు. తప్పులు తగ్గేకొద్దీ మిగిలినవి పట్టుబడటం కష్టమవుతుంది.

సరిచూసే పద్ధతులకూ హద్దులున్నాయి. షరతు తీసేసి చూసే పరీక్ష ఆరు బొమ్మల దగ్గర తప్పును పట్టింది. ప్రశ్నలో నాలుగు బొమ్మలే ఉండి ఉంటే పట్టేది కాదు: అదే తప్పు పద్ధతి 4 × 3 × 2 × 3 = 72 ఇస్తుంది, మొత్తం 81, సరైన జవాబు 36. డెబ్బై రెండు ఎనభై ఒకటికి లోపలే ఉంది కాబట్టి అనుమానం రాదు. మూడు బొమ్మలు, ముగ్గురు పిల్లలు అనే చిన్న పరీక్ష రెండో పద్ధతిని పట్టింది గానీ, మొదటి పద్ధతిని పట్టలేదు. తలా ఒకటే వచ్చే చోట మొదటి పద్ధతి కూడా 6 అనే చెబుతుంది. మొదటి పద్ధతి బయటపడాలంటే ఎవరో ఒకరికి రెండు బొమ్మలు వచ్చే ఉదాహరణ కావాలి. అందుకే మూడు బొమ్మలు, ఇద్దరు పిల్లల లెక్క అక్కడ పనికొచ్చింది. పరీక్షించడానికి ఎంచుకునే చిన్న ఉదాహరణలో అనుమానం ఉన్న మెలిక తప్పకుండా ఉండాలి, లేకపోతే తప్పు పద్ధతి కూడా నెగ్గి బయటికి వచ్చేస్తుంది.

కోడ్‌కు ఉన్న హద్దు ఇంకో రకమైనది. అది అడిగినదాన్నే లెక్కపెడుతుంది. ప్రశ్నలో 'ఆరు వేర్వేరు బొమ్మలు' బదులు 'ఒకేలాంటి ఆరు బొమ్మలు' అని ఉండి, కోడ్ రాసినవాళ్లు, మనిషైనా చాట్‌బాట్ అయినా, ఆ మాట గమనించకపోతే, పై రెండు వరసలూ ఏ తప్పూ లేకుండా నడిచి 540 అనే చెబుతాయి. ఒకేలాంటి బొమ్మలైతే ఎవరికి ఎన్ని వచ్చాయన్నదే లెక్క, ఏవి వచ్చాయన్నది కాదు. ఆరు బొమ్మలను వరసగా పేర్చి, వాటి మధ్య ఉన్న అయిదు సందుల్లో రెండు గీతలు గీస్తే ముగ్గురి వాటాలూ తేలిపోతాయి. అయిదు సందుల్లోంచి రెండింటిని ఎంచుకునే పద్ధతులు 10. ఆ ప్రశ్నకు జవాబు అంతే.